పడవ ముక్కు ఎగువకు, ప్రయాణం ఎదుటి రేవుకు

నరసాపురం రేవులో నిలబడి వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి వైపు పోయే పడవల్ని చూడటం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఏరు నడుస్తున్నప్పుడు పడవ ముక్కు అవతలి రేవు వైపు ఉండదు, బాగా ఎగువకు తిరిగి ఉంటుంది. అయినా పడవ ఏటవాలుగా, పీత నడిచినట్టు జరుగుతూ సరిగ్గా రేవుకే చేరుతుంది. ముక్కు చూసేది ఒకవైపు, పడవ పోయేది ఇంకోవైపు. ఎందుకలా?

ముందు ముక్కును తిన్నగా ఎదుటి గట్టుకే పెట్టి చూద్దాం. లెక్క సులువుగా ఉండటానికి ఏరు 800 మీటర్ల వెడల్పు అనుకుందాం. నిలకడ నీటిలో పడవ సెకనుకు 2 మీటర్లు పోతుంది. ఏటి నడక సెకనుకు 1.2 మీటర్లు. పడవ బయల్దేరిన చోటే నీళ్ల మీద ఒక గుర్రపుడెక్క గుబురు తేలుతోంది. ఆ గుబురు మీద కొంగ ఒకటి వాలిందనుకోండి. కొంగ, పడవ రెండూ ఒకే నీటి మీద ఉన్నాయి కాబట్టి, ఆ నీరు ఇద్దరినీ సమానంగానే దిగువకు మోస్తుంది. అందుకే కొంగ కంటికి పడవ ఏ పక్కకూ ఒరగకుండా తిన్నగా దూరమవుతుంది. 400 సెకన్లలో 800 మీటర్లు పోయి గట్టు తాకుతుంది. గట్టు మీద మనకు కనిపించేది మాత్రం వేరు. ఆ 400 సెకన్లలో కొంగా పడవా రెండూ 480 మీటర్లు దిగువకు కొట్టుకుపోయాయి. పడవ రేవు తప్పింది.

ఇద్దరూ చూసింది నిజమే. నీటిని బట్టి పడవ వేగం ఒకటి, గట్టును బట్టి దాని వేగం ఇంకొకటి. మొదటిదానికి ఏటి వేగాన్ని, దిశతో సహా, కలిపితే రెండోది వస్తుంది. సాపేక్ష వేగం అంటే ఇదే.

ఇక్కడ చాలామంది పిల్లలు పొరబడతారు. ప్రవాహం తోడైంది కాబట్టి పడవ తొందరగా దాటేస్తుందనుకుంటారు. గట్టు నుంచి చూస్తే వేగం సెకనుకు దాదాపు 2.33 మీటర్లకు పెరిగిన మాట నిజమే. కానీ దారి కూడా ఏటవాలై సుమారు 933 మీటర్లయింది. పట్టే సమయం అదే 400 సెకన్లు. గట్టు వెంబడి పారే నీరు పడవను అడ్డంగా ఒక్క అంగుళం కూడా నెట్టలేదు.

మరి రేవు తప్పకుండా చేరాలంటే ముక్కు ఎంత తిప్పాలి? కాగితం, స్కేలు, వృత్తలేఖిని చాలు. సెకనుకు ఒక మీటరును 5 సెంటీమీటర్లుగా తీసుకోండి. బయల్దేరే చోట ఒక చుక్క పెట్టి, అక్కణ్ణుంచి ఎదుటి రేవు వైపు ఒక నిలువు గీత గీయండి. అదే చుక్క నుంచి ఏరు పారే వైపు 6 సెంటీమీటర్ల గీత గీయండి. అది ఏటి వేగం. ఆ గీత చివర వృత్తలేఖిని ముల్లు ఉంచి, పడవ వేగానికి సరిపడా 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో నిలువు గీతను కోయండి. ముల్లు గుచ్చిన చోటి నుంచి కోసిన చోటికి గీసే గీతే ముక్కు పట్టాల్సిన దిశ. కోణమానినితో కొలిస్తే నిలువు గీతకు సుమారు 37 డిగ్రీలు ఎగువకు ఉంటుంది. నిలువు గీత 8 సెంటీమీటర్ల దగ్గర తెగుతుంది. అంటే గట్టును బట్టి పడవ సెకనుకు 1.6 మీటర్లు తిన్నగా పోతుంది, 500 సెకన్లలో రేవు చేరుతుంది. ముక్కును తిన్నగా పెట్టినప్పటికంటే 100 సెకన్లు ఎక్కువ. కోరిన చోటికి చేరడానికి అదే ఖర్చు.

ఏటి నడక పడవ వేగాన్ని మించితే ఆ వృత్తఖండం నిలువు గీతను అందుకోదు. వరదలో నీరు సెకనుకు 2.5 మీటర్లు పోతుంటే, ముక్కును పూర్తిగా ఎగువకే పెట్టినా పడవ సెకనుకు అర మీటరు దిగువకే జారుతుంది. ఏ కోణం పెట్టినా ఎదుటి రేవు దొరకదు. అప్పుడున్న దారి ఒక్కటే. గట్టు వారన నీరు మెల్లగా ఉంటుంది కాబట్టి పడవను ముందు ఆ వార వెంటే ఎగువకు తీసుకుపోయి, అక్కణ్ణుంచి దాటించాలి. ముక్కు తిన్నగా పెడితే కిలోమీటరు ఎగువకు పోవాలి. 53 డిగ్రీలు ఎగువకు తిప్పి పట్టుకుంటే 600 మీటర్లు చాలు. ఇంతకంటే తగ్గించడం ఏ కోణానికీ సాధ్యం కాదు.

నిజమైన ఏరు కాగితం మీది గీతలా ఉండదు. నడి ఏట వడి ఎక్కువ, ఒడ్డున తక్కువ. నరసాపురానికి సముద్రం దగ్గర కాబట్టి పోటు సమయంలో నీరు ఎగువకే నడవచ్చు, అప్పుడు ముక్కు దిగువకు తిప్పాలి. కోణం ఎప్పటికప్పుడు మారుతుంటే పడవ నడిపే ఆయనకు ఎలా తెలుస్తుంది? అవతలి గట్టున, పోవాల్సిన దారికి సూటిగా, ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గుర్తులు ఎంచుకుంటే చాలు. ముందు ఒక కొబ్బరి చెట్టు, దాని వెనక దూరంగా ఒక గోపురం అనుకుందాం. అవి రెండూ ఒకే వరసలో ఉన్నంతసేపూ పడవ దారిలోనే ఉన్నట్టు. చెట్టు గోపురానికి ఎగువ పక్కకు జరిగినట్టు కనిపిస్తే పడవ దిగువకు జారుతోందన్నమాట. చుక్కాని తిప్పి ముక్కును ఇంకొంచెం ఎగువకు తేవాలి, చెట్టు మళ్లీ గోపురం ముందుకు వచ్చేదాకా.