సంక్రాంతి పెట్టె కొనేముందు ఆఖరి వరస చదవండి

డిసెంబరు మూడో వారం వచ్చేసరికి పిండివంటల దుకాణాల వాళ్లు సంక్రాంతి గిఫ్ట్ పెట్టెల ప్రకటనలు పెట్టేస్తారు. ఫొటో బాగుంటుంది, వెదురుబుట్ట బాగుంటుంది. కింద చిన్న అక్షరాల్లో ‘ఆర్డర్లకు ఆఖరి తేదీ’ అని ఒక వరస ఉంటుంది. నన్నడిగితే ప్రకటన చదవడం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఒక పెట్టె అనుకుందాం. బెల్లం అరిసెలు అర కిలో, సున్నుండలు పావు కిలో, జంతికలు పావు కిలో, నేతి పూతరేకులు పది. రాజమండ్రి దగ్గర తయారై బెంగళూరులో అక్కయ్యగారింటికి చేరాలి. పండుగ జనవరి 14 అయితే భోగి 13. కాబట్టి పెట్టె 12 నాటికి గుమ్మంలో ఉండాలి. మామూలు రోజుల్లో కొరియర్‌కు మూడు రోజులు చాలు. పండుగ రద్దీకి ఇంకో రెండు రోజులు కలుపుకుంటే 7న బయల్దేరాలి. 6న ప్యాకింగ్, 5న వంట. అంటే ఆర్డరు 4వ తేదీకల్లా పడాలి. ‘10వ తేదీ వరకూ ఆర్డర్లు తీసుకుంటాం, పండక్కి చేరుస్తాం’ అని ఎవరైనా అంటే ఆ సరుకు ఎప్పుడో వండి ఉంచినదైనా కావాలి, లేదా అది పండుగ పోయాకైనా చేరాలి.

వంట ఒక్కరోజు పని కదా, ఇంత లెక్కెందుకు అంటారా? అరిసెల సంగతి వేరు. బియ్యం ముందు రోజే నానబెట్టి, నీళ్లు వార్చి, తడి ఆరకుండానే పిండి పట్టించాలి. ఆ తడిపిండిని ఎక్కువసేపు ఉంచితే పులుస్తుంది, ఆరితే అరిసె విరుగుతుంది. బెల్లం పాకం ఉండకట్టే అదను చూసి పిండి కలిపి చలిమిడి చేయాలి. వేయించినవాటిని చెక్కల మధ్య నొక్కి నెయ్యి, నూనె పిండాలి. ఆపైన పూర్తిగా చల్లారాలి. తొందరపడి వేడిమీదే కవర్లో పెడితే లోపల ఆవిరి పట్టి నాలుగు రోజుల్లో బూజు వస్తుంది. పెట్టె అందగానే కవరు లోపలివైపు నీటిబొట్లు కనిపిస్తే అనుమానించాల్సిందే. అందుకే ఒక దుకాణం రోజుకు ఇన్ని కిలోలే వండగలదు. ఆఖరి తేదీ కొరియర్‌ను బట్టే కాదు, ఆ పొయ్యిని బట్టి కూడా పెట్టేది.

ముందే ఆర్డరిచ్చేస్తే నిశ్చింత అనుకుంటాం. ఇచ్చుకోవచ్చు, కానీ ‘ఎప్పుడు వండుతారు?’ అని అడిగి ఇవ్వండి. డిసెంబరు 28న వండిన పూతరేకుల మీద పదిహేను రోజుల గడువు రాసి ఉంటే భోగి నాటికే అది ముగిసిపోతుంది. 5న వండినవైతే కనుమ దాటాక కూడా తినొచ్చు.

ఇక బరువు. ‘రెండు కిలోల పెట్టె’ అంటే తినే సరుకు రెండు కిలోలని కాదు. డబ్బా, బుట్ట, గడ్డి, రిబ్బను కూడా అందులోకి వచ్చేయొచ్చు. చూడాల్సింది ఒక్కో రకం నికర బరువు. మన పెట్టెలో అర కిలో అరిసెలంటే సైజును బట్టి పది, పన్నెండు వస్తాయి. ఆరుగురున్న ఇంట్లో మనిషికి రెండేసి. పూతరేకులు తూకానికి కాదు, లెక్కకు అమ్ముతారు కాబట్టి ‘పది’ అని ఉంటే చాలు.

రవాణా ఖర్చులో ఇంకో మెలిక. కొరియర్ వాళ్లు బరువొక్కటే చూడరు, పెట్టె ఆక్రమించే చోటు కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం చాలామంది లెక్క. 30, 25, 15 సెంటీమీటర్ల పెట్టె అయితే 2.25 కిలోలు వస్తుంది. లోపల సరుకు కిలోన్నర కూడా లేకపోయినా ఛార్జీ 2.25కే పడుతుంది. అందమైన బుట్ట అడిగేవాళ్లు ఈ డబ్బు కూడా ఇస్తున్నట్టే.

మార్పులు రెండు రకాలు. బెల్లం బదులు పంచదార పూతరేకులు, జంతికలు కారం తగ్గించి, సున్నుండల్లో జీడిపప్పు లేకుండా: ఇవి వంటింటి మార్పులు, వంట మొదలయ్యేలోపు చెబితే చాలు. పేరు అచ్చేసిన కార్డు, కంపెనీ గుర్తున్న డబ్బా మాత్రం ప్రింటింగ్ ప్రెస్సు మీద ఆధారపడతాయి. వీటికి ఆఖరి తేదీ వారం, పది రోజులు ముందుంటుంది. ప్రకటనలో రెండింటికీ ఒకే తేదీ ఉంటే ఫోన్ చేసి అడగండి. పల్లీ, జీడిపప్పు పడని మనిషి ఇంట్లో ఉంటే ‘వెయ్యం’ అన్న మాట చాలదు. అదే మూకుడులో, అదే నూనెలో వేరేవి వేయిస్తారేమో కూడా కనుక్కోవాలి. లేబులు మీద 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉందో లేదో కూడా చూసుకోండి.

అమెరికా నుంచి అమ్మానాన్నలకు పంపేవాళ్లకు ఒక హెచ్చరిక. జనవరి 4 అర్ధరాత్రి గడువంటే అది మన దేశపు గడియారం. డాలస్‌లో అప్పటికి 4వ తేదీ మధ్యాహ్నం పన్నెండున్నరే. రాత్రి తీరిగ్గా చేద్దామనుకుంటే ఇక్కడ తలుపు మూసేసి ఉంటుంది. చిరునామాలో మీ నంబరు కాకుండా పెట్టె అందుకునేవాళ్ల నంబరే రాయండి. కొరియర్ కుర్రాడు గుమ్మం ముందు నిలబడి డాలస్‌కు ఫోన్ చేయడు.