జర్మన్ క్రియ ఎక్కడ మెలిక పెడుతుంది?

జర్మన్‌లో వర్తమాన కాలం మొదట్లో తేలికే. ధాతువుకు ‘నువ్వు’ అయితే స్ట్, ‘అతను’ అయితే ట్ చేర్చాలి. కానీ అర్బైటెన్ (పనిచేయడం) ధాతువు ట్‌తోనే ముగుస్తుంది. దానికి ఇంకో ట్ తగిలిస్తే పలకడం కష్టం. అందుకే మధ్యలో ఒక ‘ఎ’ వస్తుంది: డు అర్బైటెస్ట్, ఎర్ అర్బైటెట్. డ్‌తో ముగిసేవాటికీ ఇంతే.

స-కారంతో ముగిసే ధాతువుకు ‘నువ్వు’ రూపంలో మరో స్ అక్కర్లేదు. రైసెన్ (ప్రయాణించడం) అయితే డు రైస్ట్, ఎర్ రైస్ట్, రెండూ ఒకటే. ఎవరి గురించో కర్త చెప్పాల్సిందే.

ఫారెన్ (బండిలో వెళ్లడం) తీరు వేరు. ఇష్ ఫారె అంటాం కానీ డు ఫేర్స్ట్, ఎర్ ఫేర్ట్. అచ్చు మారేది ఈ రెండు చోట్లే; బహువచనంలో ‘మీరు’ మళ్లీ ఈర్ ఫార్ట్.

అసలు తమాషా హల్టెన్ (ఆగడం, పట్టుకోవడం) దగ్గర. ధాతువు చివర ట్ ఉంది, అచ్చూ మారుతుంది. మరి డు హెల్టెస్ట్ అనాలా? కాదు. అచ్చు మారిన చోట ‘ఎ’ చేరదు: డు హెల్ట్‌స్ట్, ఎర్ హెల్ట్. ‘అతను’ రూపంలో రెండో ట్ కూడా మాయం. అచ్చు మారని ఈర్ హల్టెట్‌లో మాత్రం ‘ఎ’ తిరిగొస్తుంది. ఏ క్రియకు అచ్చు మారుతుందో చూసి చెప్పలేం. కొత్త క్రియ నేర్చుకునేటప్పుడే ‘ఎర్’ రూపం కూడా రాసుకోండి.