లీకు పట్టిన ప్లంబర్‌కు నాలుగు మాటలు

రాత్రి నిండిన ఓవర్‌హెడ్ ట్యాంకు తెల్లారేసరికి సగానికి దిగిపోతోంది. గోడల్లో చెమ్మ లేదు, కుళాయిలేవీ కారడం లేదు. లోపలి పైపే పోయిందనుకుని, టైల్స్ పగలగొట్టించడానికి సిద్ధపడ్డాం. వచ్చిన ప్లంబర్ సుత్తి తీయలేదు. ఫ్లష్ ట్యాంకు మూత తీసి, నీళ్లలో కాస్త బట్టల నీలిమందు కలిపి, పావుగంట ఎవరూ ఫ్లష్ నొక్కొద్దన్నారు. ఆలోపే కమోడ్‌లోకి నీలం దిగింది. ట్యాంకు అడుగున ఉండే రబ్బరు వాషర్ గట్టిపడి, సరిగా కూర్చోవడం లేదన్నమాట. చప్పుడు లేకుండా సన్నగా జారే నీరు కాబట్టి కంటికి ఆనదు. వాషర్ మార్చి, మళ్లీ రంగు కలిపి చూపించారు. ఈసారి దిగలేదు. పాత వాషర్ నా చేతిలో పెట్టి, సామాను ఖర్చు, కూలి విడివిడిగా చెప్పారు.

అయిదు నక్షత్రాలిచ్చి ఊరుకోబుద్ధి కాలేదు. ‘చాలా బాగా చేశారు’ అంటే చదివేవాళ్లకు ఏం తెలుస్తుంది? అందుకే ఇలా రాశాను: “ట్యాంకు ఖాళీ అవుతోందని పిలిచాం. గోడ ముట్టుకోకుండా రంగునీళ్లతో లీకు పట్టుకున్నారు. వాషర్ ఒక్కటే మార్చారు. గంటలోపే పని అయింది. ధన్యవాదాలండీ.”

పెద్ద పని ఉందని చెప్పినా నమ్మేవాళ్లమే. ఆయన చెప్పలేదు. నా దృష్టిలో నిజాయితీ అంటే అదే. మీరూ ఇలాంటివారి గురించి రాయండి. వారం ఆగి, లీకు మళ్లీ రాలేదని తేలాక రాయండి.