బండి లేకున్నా స్టీరింగ్ చేతిలో: యాక్టింగ్ డ్రైవర్ పని

జేబులో లైసెన్సు ఉంది, కారు కొనే స్తోమత లేదు. హైదరాబాద్‌లో ఇలాంటివాళ్లకు దొరికే పని యాక్టింగ్ డ్రైవర్. సొంత డ్రైవర్ సెలవు పెట్టినప్పుడో, ఇంటిల్లిపాదీ తీర్థయాత్రకు బయల్దేరినప్పుడో యజమాని రోజుకింతని మాట్లాడుకుని పిలుస్తాడు. కారు అతనిది, నడపడం మన వంతు.

పని ఎక్కువగా తెలిసిన డ్రైవర్ల ద్వారానే వస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే పిలుపుల్లో మాత్రం తిరకాసు ఉండొచ్చు. పని చూపించకముందే రిజిస్ట్రేషన్ ఫీజనో, యూనిఫాం డబ్బులనో అడిగారంటే అక్కడికి ఆపేయాలి. అప్పటికే పంపేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఒరిజినల్ లైసెన్సు దగ్గర పెట్టుకుంటామంటే ఒప్పుకోవద్దు. డిజిలాకర్‌లోది చూపిస్తే చాలు.

వచ్చింది నిజమైన పిలుపే అయినా ప్రమాదం బండి కాగితాల్లో ఉండొచ్చు. శనివారం శ్రీశైలం వెళ్లి ఆదివారం తిరిగి రావాలని ఒకాయన పిలిచాడనుకుందాం. మొదట కారు నంబరు అడిగి ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడాలి. ఇన్సూరెన్స్ పోయిన నెలలోనే అయిపోయిందని కనిపించింది. ‘‘రెండ్రోజులే కదా, వచ్చాక కట్టేస్తాలే తమ్ముడూ’’ అంటాడాయన. ఆ మాటకు లొంగితే ఇరుక్కునేది మనమే. ఇన్సూరెన్స్ లేని బండి నడిపినవాడికీ మోటారు వాహనాల చట్టంలో శిక్ష ఉంది: మొదటిసారి పట్టుబడితే 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. అంతకంటే పెద్ద భయం వేరే ఉంది. దారిలో ఎవరికైనా దెబ్బ తగిలితే, కట్టడానికి కంపెనీ ఉండదు కాబట్టి నష్టపరిహారం యజమానితోపాటు డ్రైవర్ మెడకూ చుట్టుకుంటుంది.

ఇన్సూరెన్స్ ఉన్నా ఇంకో మాట అడగాలి. పాలసీలో యజమాని పేరున ఉండే 15 లక్షల ప్రమాద బీమా జీతానికి నడిపేవాడికి వర్తించదు. ‘పెయిడ్ డ్రైవర్’ కవర్ విడిగా తీసుకున్నారో లేదో పాలసీ కాగితంలో చూడొచ్చు. దాని ప్రీమియం చాలా తక్కువే, అయినా చాలామంది యజమానులు దాని ఊసే ఎత్తరు.

తాళం చేతికొచ్చాక కారు చుట్టూ తిరిగి పాత సొట్టలు, గీతలు, కిలోమీటర్ రీడింగు, పెట్రోల్ ముల్లు ఫోన్‌లో ఫొటో తీసి యజమానికే పంపాలి. ‘‘ఈ గీత నువ్వే పెట్టావు’’ అనే గొడవకు అదే జవాబు. నా లెక్కలో కూలి బేరం కంటే ఇదే ముఖ్యం.

బేరంలో రోజు కూలితోపాటు భోజనం, రాత్రి పడక, చలాన్లు ఎవరివో కూడా తేల్చుకోవాలి. శ్రీశైలం దారిలో నల్లమల అడవి గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లను వదలరు. దర్శనం ఆలస్యమైతే తిరుగు ప్రయాణం మర్నాటికి పడుతుంది. ఆ అదనపు రోజు కూలి ఎంతో బయల్దేరకముందే మెసేజ్‌లో రాయించుకోవాలి.