విలీనం తర్వాత రాజీనామా: కారణం ఎలా రాయాలి?

కంపెనీని మరో సంస్థ కొన్నాక కొందరికి పై అధికారి మారతారు, కొందరికి హోదా మారుతుంది, కొందరికి జీతం లెక్కే మారిపోతుంది. వెళ్లిపోదామని తేల్చుకున్నవాళ్లు లేఖలో చాలావరకు 'వ్యక్తిగత కారణాల వల్ల' అని రాసేస్తారు, లేదంటే కోపమంతా అందులో కక్కేస్తారు. రెండూ నష్టమే. మొదటిదానితో అసలు కారణం ఎక్కడా నమోదు కాదు. రెండోది మీ ఫైల్లో ఉండిపోయి, రేపు కొత్త యజమాని మీ గురించి ఆరా తీసినప్పుడు బయటికొస్తుంది. ఏం మారిందో తేదీతో సహా చెబితే చాలు.

ఒక ఉదాహరణ అనుకుందాం. విజయవాడలో ఒకామె 2018 జులై 1న అకౌంట్స్ మేనేజరుగా చేరారు. 2023 ఏప్రిల్ 1న ఆ కంపెనీ మరోదానిలో విలీనమైంది. కొన్నాళ్లకు ఆమె నేరుగా డైరెక్టరుకు కాకుండా ముంబయిలోని ప్రాంతీయ మేనేజరుకు రిపోర్ట్ చేయాల్సి వచ్చింది, చెల్లింపులు ఆమోదించే అధికారమూ పోయింది. 2025 జూన్ 30తో మానేయాలనుకున్నారు. లేఖలో ఆమె ఇలా రాయవచ్చు:

'2023 ఏప్రిల్ 1 నాటి విలీనం తర్వాత నా రిపోర్టింగ్, బాధ్యతలు మారాయి. ఈ మార్పుల దృష్ట్యా రాజీనామా చేస్తున్నాను. నా చివరి పనిదినం 2025 జూన్ 30. 2018 జులై 1 నుంచి నా సర్వీసును నిరంతరాయంగా లెక్కించి బకాయిలు చెల్లించగలరు.'

ఎవరినీ నిందించలేదు, దేన్నీ దాచలేదు. అన్నిటికన్నా విలువైనది చివరి వాక్యమే. ఆమె మూలవేతనం, డీఏ కలిపి నెలకు 39,000 రూపాయలు. అప్పట్లో అమల్లో ఉన్న 1972 నాటి చట్టం ప్రకారం గ్రాట్యుటీ అంటే, ఆ మొత్తాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే వచ్చే 22,500 రూపాయలు, ఏడాదికి అంత చొప్పున. ఏడేళ్లకు 1,57,500. కొత్త యాజమాన్యం ఆమె చేరిన తేదీని 2023 ఏప్రిల్‌గా రాసుకుంటే రెండేళ్లే మిగులుతాయి. రాజీనామా చేసేవారికి ఐదేళ్లు నిండాలి కాబట్టి చేతికి ఏమీ రాదు.

లేఖ ఇచ్చేముందు నోటీసు గడువు చూసుకోవాలి. పాత నియామక పత్రంలో 30 రోజులుండి, కొత్త షరతుల్లో 90 అయితే, ఆ కొత్త కాగితం మీద సంతకం పెట్టారో లేదో గుర్తుచేసుకోండి. పెట్టకపోయినా, మాట్లాడకుండా నెలల తరబడి పనిచేస్తే ఒప్పుకున్నట్టేనని యాజమాన్యం వాదించవచ్చు. అందుకే అభ్యంతరం ఉంటే మార్పు జరిగినప్పుడే మెయిల్‌లో తెలపాలి.

బలవంతంగా వెళ్లగొట్టారని కేసు వేసే ఆలోచన ఉన్నవారికి మాత్రం ఈ తటస్థ లేఖ పనికిరాదు. సంతకం పెట్టాక స్వచ్ఛందంగానే వెళ్లారని అదే సాక్ష్యమవుతుంది. వారు ముందు కార్మిక న్యాయవాదిని కలవాలి.

మిగతావారు రిలీవింగ్ లెటర్ చేతికి రాగానే చేరిన తేదీ చూడాలి. పీఎఫ్ పాస్‌బుక్‌లో పాత కంపెనీ ఖాతా కొత్తదానికి బదిలీ అయిందో లేదో కూడా చూసి, తప్పుంటే హెచ్ఆర్ విభాగానికి వెంటనే రాతపూర్వకంగా తెలియజేయాలి.