మూడో వంతు ఫ్రేమ్‌లో పెళ్లి

తలంబ్రాల ఘట్టం పెళ్లి వీడియోలో అందరూ మళ్లీ మళ్లీ చూసే భాగం. వధువు ఎడమవైపు, వరుడు కుడివైపు ఎదురెదురుగా కూర్చుని ఉంటారు. పోటీపడి దోసిళ్లు లేస్తాయి, చుట్టాలు కేకలు వేస్తారు. అదే ముక్కను రీల్‌గా పెట్టాక ఫోన్‌లో చూస్తే ఇద్దరి ముఖాలూ మాయం! చేతులు, గాలిలో బియ్యం, వెనకాల మండపం స్తంభం మాత్రమే మిగులుతాయి. వీడియో తీసినవారి తప్పేమీ లేదు. అడ్డంగా ఉన్న బొమ్మను నిలువుగా మార్చేటప్పుడు మధ్యభాగం ఉంచి రెండు పక్కలా కోసేశారు. ముఖ్యమైనవాళ్లు ఆ పక్కల్లోనే ఉన్నారు.

కోత ఎంతో ముందు లెక్క చూద్దాం. మామూలు హెచ్‌డీ వీడియో వెడల్పు 1920 పిక్సెళ్లు, ఎత్తు 1080. రీల్స్‌కూ షార్ట్స్‌కూ వాట్సాప్ స్టేటస్‌కూ కావలసింది దీన్ని నిలబెట్టిన ఆకారం: వెడల్పు 1080, ఎత్తు 1920. ఎత్తంతా ఉంచుకుని అందులోంచి నిలువు ముక్క తీస్తే దక్కే వెడల్పు 608 పిక్సెళ్లే. అంటే మూడో వంతు కూడా నిండుగా లేదు. చదరం తీస్తే 1080 పిక్సెళ్ల వెడల్పు, సగానికి కాస్త పైన, మిగులుతుంది.

ఇలా కోయడం సినిమావాళ్లకు పాత పనే. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. అంత వెడల్పైన బొమ్మ పాత టీవీ తెరను పైనుంచి కిందదాకా నింపాలంటే నలభై శాతానికి పైగా పక్కలు వదులుకోవాలి. హాలీవుడ్ సినిమాస్కోప్ చిత్రాలను టీవీకి మార్చేటప్పుడు ఒక మనిషి కూర్చుని, ఏ షాట్‌లో ఏ భాగం చూపాలో నిర్ణయించేవాడు. ఆ పనికి పాన్ అండ్ స్కాన్ అని పేరు. చదరపు వీడియోలో మనం వదులుకునేది దాదాపు ఆ మేరకే. నిలువు వీడియోలో మాత్రం కోత అంతకన్నా చాలా ఎక్కువ. కాబట్టి ఆ మనిషి పెట్టిన శ్రద్ధ ఇప్పుడు ఇంకా అవసరం. వీడియో మొత్తానికీ ఒకే కోత పెట్టి వదిలేయకూడదు. ప్రతి షాట్‌లోనూ ముఖ్యమైనదేదో, అది ఎంత వెడల్పున పరుచుకుని ఉందో విడిగా చూసుకోవాలి.

తలంబ్రాల షాట్‌నే తీసుకుందాం. ఎడమ అంచు నుంచి కొలిస్తే వధువు ముఖం మధ్యభాగం 600వ పిక్సెల్ దగ్గర, వరుడిది 1320 దగ్గర ఉన్నాయనుకోండి. ఒక్కో తల వెడల్పు సుమారు 200 పిక్సెళ్లు. అంటే వధువు తల ఎడమ అంచు నుంచి వరుడి తల కుడి అంచు దాకా 920 పిక్సెళ్లు. మన నిలువు కిటికీ 608. దాన్ని ఎటు జరిపినా ఇద్దరూ పట్టరు. సరిగ్గా మధ్యలో పెడితే అది 656 దగ్గర మొదలై 1264 దగ్గర ముగుస్తుంది. రెండు ముఖాలూ సగానికి పైగా బయటే ఉండిపోతాయి. మొదట చెప్పిన రీల్‌లో జరిగింది ఇదే.

ఇక్కడ చాలామంది చేసేది కిటికీని ఆవిడ మీద నుంచి ఆయన మీదకు, మళ్లీ ఆవిడ మీదకు జరపడం. తలంబ్రాల లాంటి వేగమైన ఘట్టంలో ఇది పనికిరాదు. కిటికీ వరుడిని చేరేలోపు ఆయన పోయడం అయిపోతుంది, చూసేవారికి కనిపించేది ఖాళీ చేతులే. దానికన్నా కట్ మేలు: రెండు సెకన్లు ఆవిడ, రెండు సెకన్లు ఆయన, ఎవరి దోసిలి లేస్తుంటే వారి మీద కిటికీ కదలకుండా నిలవాలి. ఒకే షాట్‌ను ఇలా ముక్కలు చేస్తే రెండు కెమెరాలతో తీసినట్టే ఉంటుంది. ఒక జాగ్రత్త ఉంది. ఆవిడను కిటికీలో కుడివైపు ఖాళీ ఉండేలా, ఆయనను ఎడమవైపు ఖాళీ ఉండేలా పెట్టాలి. చూపు వెళ్లే దిక్కున చోటు ఉంటేనే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నట్టు తెలుస్తుంది. ఇద్దరినీ నట్టనడుమ పెడితే ఎవరికి వారు వేరే గదుల్లో ఉన్నట్టు అనిపిస్తుంది.

అయినా తలంబ్రాలకు నేను ఎంచుకునేది ఇది కూడా కాదు. ఆ ఘట్టంలో అందమంతా ఇద్దరూ ఒకేసారి కనిపించడంలో ఉంది. ఆవిడ పోసిన క్షణంలోనే ఆయన కళ్లు మూసుకోవడం కనిపించాలి. అలాంటి చోట నిలువు తెరను పూర్తిగా నింపాలన్న పట్టుదల మానుకోవడమే మంచిది. 420 నుంచి 1500 దాకా 1080 పిక్సెళ్ల చదరం కోయండి. రెండు తలలూ లోపలే ఉంటాయి, ఇరువైపులా ఇంకో 80 పిక్సెళ్లు మిగులుతాయి. ఈ చదరం వెడల్పు నిలువు తెర వెడల్పుతో సరిపోతుంది కనుక పెంచాల్సిన పని లేదు, బొమ్మ స్పష్టత ఏమాత్రం తగ్గదు. పైనా కిందా కలిపి 840 పిక్సెళ్ల ఖాళీ వస్తుంది. చదరాన్ని కొంచెం పైకి జరిపి, ఖాళీలో పట్టుచీర రంగుకు దగ్గరైన ఒక్క ముదురు రంగు నింపి, పేర్లు అక్కడ రాసుకోవచ్చు. అదే వీడియోను మసకచేసి వెనక పరచడం ఇప్పుడు అలవాటైపోయింది. కానీ దోసిళ్లు ఆడుతుంటే వెనక మసక కూడా ఆడుతుంది, చూపు చెదురుతుంది. కదలని రంగే నాకు నచ్చుతుంది.

ఇదే చదరాన్ని చదరపు పోస్టుకు అలాగే వాడుకోవచ్చు. ఒక్క కోతతో రెండు పనులూ అవుతాయి.

మాంగల్యధారణ షాట్‌కు ఇంత ఆలోచన అక్కర్లేదు. వధువు ముఖం, మెడ వెనక ముడి వేస్తున్న చేతులు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి 608లో హాయిగా పడతాయి. కిటికీని సరైన చోట పెట్టి వదిలేయడమే. నాదస్వరం మేళం మీద కెమెరా మెల్లగా తిరిగే షాట్‌లోనూ కిటికీని కదపకూడదు. కెమెరా కదలిక ముందే ఉంది, దాని మీద ఇంకో కదలిక పెడితే కళ్లు తిరుగుతాయి.

కిటికీ నిజంగా కదలాల్సింది మేనమామలు పెళ్లికూతురిని వెదురు బుట్టలో మోసుకొచ్చే షాట్‌లాంటి చోట. కెమెరా ఒకచోట నిలబడి ఉంది. వాళ్లు ఎడమ నుంచి కుడికి ఆరు సెకన్లలో నడిచి వెళ్లారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా నిలువు టైమ్‌లైన్ తెరిచి, 1080 వెడల్పు, 1920 ఎత్తు పెట్టి, క్లిప్‌ను అందులో వేసి 178 శాతానికి పెంచితే తెర పైనుంచి కిందదాకా నిండుతుంది. ఇప్పుడు క్లిప్ వెడల్పు సుమారు 3,413 పిక్సెళ్లు అవుతుంది. దాన్ని నడుమ నుంచి ఇటు 1,166, అటు 1,166 పిక్సెళ్ల వరకే జరపవచ్చు. అది దాటితే అంచున నల్లని చార కనిపిస్తుంది.

మొదటి ఫ్రేమ్‌లో బుట్ట కిటికీలో వెనకవైపు, అంటే ఎడమవైపు పడేలా క్లిప్‌ను జరిపి అక్కడ ఒక కీఫ్రేమ్ వేయండి. షాట్ చివర బుట్ట మళ్లీ అదే చోట ఉండేలా జరిపి ఇంకొకటి వేయండి. వాళ్లు నడుస్తున్న దిక్కున ఖాళీ ఉండాలన్నదే ఇందులో సూత్రం. రెండు కీఫ్రేమ్‌ల మధ్య కదలికను సాఫ్ట్‌వేరే లెక్కకడుతుంది. మొదలు, చివర నెమ్మదిగా ఉండేలా ఈజ్ పెట్టుకోవాలి. ఒకసారి ఆడించి చూసి, మధ్యలో బుట్ట అంచును తాకితే అక్కడ మూడో కీఫ్రేమ్ వేయండి. అంతకు మించి దాదాపు అవసరం రాదు.

పెళ్లికూతురి ముఖం ఒక్క అంగుళం జరిగినా సహించలేక నాలుగైదు ఫ్రేమ్‌లకొక కీఫ్రేమ్ వేసేవాళ్లున్నారు. అప్పుడు ముఖం స్థిరంగా ఉంటుంది కానీ మండపం వణుకుతుంది. దీన్ని పట్టుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. వీడియో ఆడుతుంటే ముఖాన్ని చూడకండి, వెనకున్న స్తంభాన్నో పూలదండ తోరణాన్నో చూడండి. అది ఒకే వేగంతో సాగిపోతే కదలిక బాగున్నట్టు. ఆగి ఆగి కుదుపుగా జరిగితే కీఫ్రేమ్‌లు ఎక్కువైనట్టు.

ప్రీమియర్ ప్రోలో Auto Reframe, డావిన్చీ రిజాల్వ్ స్టూడియోలో Smart Reframe ఈ జరపడం సొంతంగా చేస్తాయి. ఒక్క మనిషి ఉన్న షాట్లకు వాటి ఫలితం చాలావరకు వాడుకోదగ్గదే. పెళ్లి మండపంలో మాత్రం కెమెరా వైపు తిరిగి, వెలుతురులో ఉన్న ముఖం పురోహితుడిదో పిన్నిదో కావచ్చు. తలవంచుకున్న పెళ్లికూతురిని వదిలి కిటికీ అటు వెళ్లిపోతుంది. అవి వేసిన కీఫ్రేమ్‌లను మార్చే వీలుంది కనుక, షాట్ షాట్‌నూ చూసి సరిచేయాలి.

ఈ పనంతా వీడియోగ్రాఫర్ దగ్గరున్న అసలు ప్రాజెక్టులో చేస్తే ఎంతో తేలిక. పూర్తయి చేతికొచ్చిన ఫైల్‌తో చేయాల్సి వస్తే రెండు చిక్కులుంటాయి. తెర మీద వధూవరుల పేర్లు బొమ్మలో కలిసిపోయి ఉంటాయి, కోసినప్పుడు సగం అక్షరాలు పోతాయి. అలాంటి షాట్‌ను మానేయడమో, పేర్లు తేలిపోయాక మొదలుపెట్టడమో తప్ప దారి లేదు. రెండోది, షాట్లన్నీ ఒకే ముక్కగా ఉంటాయి. ప్రీమియర్ ప్రోలోని Scene Edit Detection షాట్ మారిన ప్రతిచోటా ముక్క చేసి ఇస్తుంది. ఒక షాట్ కరిగి ఇంకో షాట్‌లోకి మారే చోట్లను అది తప్పిపోవచ్చు. అక్కడ మీరే కరిగే భాగం మధ్యలో కోయాలి.

స్పష్టత సంగతి కూడా తెలిసి ఉండాలి. హెచ్‌డీ వీడియోలోంచి తీసిన 608 పిక్సెళ్లను 1080కి సాగదీస్తాం కాబట్టి బొమ్మ మెత్తబడుతుంది. మసక వెలుతురులో తీసిందైతే నలుసులు కూడా పెద్దవవుతాయి. చీర జరీ అంచు, కనురెప్పలు చూస్తే ఇది ముందుగా తెలుస్తుంది. షార్ప్‌నెస్ పెంచితే నలుసులే పదునెక్కుతాయి. 4కే వీడియో అయితే నిలువు కిటికీ వెడల్పు 1,215 పిక్సెళ్లు వస్తుంది, సాగదీసే పనే ఉండదు. రీల్స్ కావాలని ముందే తెలిస్తే, ఫైనల్ వీడియో హెచ్‌డీలోనే ఇచ్చినా షూటింగ్ మాత్రం 4కేలో చేయమని అడగడం అందుకే.

ఇక చివరగా యాప్ సొంత రాతలు. రీల్ మీద కింద పేరు, వివరణ, కుడిపక్కన లైక్, షేర్ గుర్తులు పడతాయి. మెటా ప్రకటనదారులకు చెప్పే లెక్క ప్రకారం పైన 14 శాతం, కింద 35 శాతం, పక్కల 6 శాతం చొప్పున రాతలూ లోగోలూ లేకుండా వదలాలి. 1920 ఎత్తులో కింది 35 శాతం అంటే 672 పిక్సెళ్లు. దీన్ని మన బొమ్మకూ వర్తింపజేయండి. ముఖాలు తెర సగానికి పైన ఉండాలి, పేర్లు ఆ కింది భాగంలోకి దిగకూడదు. అందుకే తలంబ్రాల చదరాన్ని పైకి జరపమన్నది. అడుగు నుంచి 700 పిక్సెళ్ల ఎత్తున చదరం కింది అంచు ఉంటే దోసిళ్ల మీద ఏ రాతా పడదు. పైన 140 పిక్సెళ్లే మిగులుతాయి కనుక, పేర్లను తలల పైనున్న ఖాళీ మీదుగా, పై 14 శాతం దాటాక రాయాలి. పోస్ట్ చేసే ముందు ఫైల్‌ను డ్రాఫ్ట్‌గా పెట్టి, కంప్యూటర్‌లో కాకుండా ఫోన్‌లో, ఆ గుర్తులన్నీ మీద ఉండగా ఒకసారి చూడండి.