160 కిలోలు లేస్తాయి, మెట్ల దగ్గరే ఆయాసం

నేల మీది నుంచి 160 కిలోల బార్‌ను లేపే మనిషి, లిఫ్టు చెడిపోయిన రోజున నాలుగో అంతస్తు చేరేసరికి గోడ పట్టుకుని నిలబడతాడు. జిమ్‌కి వెళ్లేవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. డెడ్‌లిఫ్ట్ సెట్ అర నిమిషంలో ముగుస్తుంది. ఆ కాస్త సేపటికీ కండరంలో దాచుకున్న ఇంధనం దాదాపు సరిపోతుంది. ఆ తర్వాత మూడు నిమిషాలు కూర్చోవడమే. నిమిషాల తరబడి రక్తాన్ని తోడిపోసే పని గుండెకు ఎక్కడా తగలదు.

దమ్ము పెంచుకోవాలని అలాంటివాళ్లు మొదట చేసే పని పరుగు. తప్పు కూడా అక్కడే జరుగుతుంది. 90 కిలోల ఒంటితో, అలవాటు లేకుండా పరిగెత్తితే రెండు నిమిషాల్లో గుండె 165 దాటుతుంది. గుండెకు మేలు చేసేంత సేపు ఆ వేగంలో ఉండలేరు. పైగా మర్నాడు స్క్వాట్‌కు కాళ్లు సహకరించవు.

మరి ఎంతలో ఉండాలి? 34 ఏళ్ల లిఫ్టర్ ఒకరిని ఊహించుకుని లెక్క వేద్దాం. అందరికీ తెలిసిన '220 లోంచి వయసు తీసెయ్' సూత్రం ప్రకారం అతని గరిష్ఠ వేగం 186. 2001లో వచ్చిన మరో సూత్రంలో వయసును 0.7తో గుణించి 208 లోంచి తీసేస్తారు. దాని ప్రకారం 184. ఏ సూత్రం తీసుకున్నా మనిషిని బట్టి పది అటూ ఇటూ తేడా మామూలే. ఉదయం మంచం దిగకముందు చూసుకున్న నాడి 64 అనుకుందాం. ఫిన్లాండ్ శాస్త్రవేత్త కార్వోనెన్ పేరుతో వాడుకలో ఉన్న పద్ధతిలో 184 లోంచి 64 తీసేస్తే 120 మిగులుతుంది. అందులో 60 నుంచి 70 శాతం తీసుకుని మళ్లీ 64 కలిపితే 136 నుంచి 148 వస్తుంది. తేలిక కార్డియోకి ఇదీ కాగితం మీది జోన్.

కాగితాన్ని సరిచేసేది నోరు. సైకిల్ తొక్కుతూ పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మనవాడికి 142 దగ్గరే మాట తెగుతోందనుకోండి, అప్పుడు అతని జోన్ 130–140. 148 దాకా ఉండొచ్చని సూత్రం చెప్పిందిగా అని మొండికేస్తే అది తేలిక కార్డియో అనిపించుకోదు. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారికి ఈ అంకెలేవీ వర్తించవు. వాళ్లు డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి.

ఇక వారం సంగతి. సోమవారం స్క్వాట్, బుధవారం బెంచ్, శుక్రవారం డెడ్‌లిఫ్ట్ అనుకుందాం. మంగళవారం 35 నిమిషాలు, శనివారం 50 నిమిషాలు తేలికగా సైకిల్ తొక్కడమో, ట్రెడ్‌మిల్‌ను ఏటవాలు చేసి నడవడమో చేయాలి. మొదటి నాలుగు వారాలకు ఇది చాలు. ఐదో వారం నుంచి బుధవారం సాయంత్రం నాలుగు నిమిషాల గట్టి తొక్కుడు నాలుగుసార్లు, మధ్యలో మూడేసి నిమిషాలు మెల్లగా. ఇది నార్వే పరిశోధకుల వల్ల ప్రచారంలోకి వచ్చిన పద్ధతి. గట్టి విడతలో గుండె గరిష్ఠంలో 90–95 శాతం, అంటే 166–175కి చేరాలి. అయితే మొదటి నిమిషంలోనే అంకె రాలేదని ఎగబడకూడదు. గుండె కాళ్ల కంటే వెనకగా నడుస్తుంది, చివరి రెండు నిమిషాల్లో అందుకుంటే చాలు. బుధవారమే ఎందుకంటే బెంచ్ రోజున కాళ్లకు పని తక్కువ, డెడ్‌లిఫ్ట్‌కు ఇంకో రోజున్నర గడువుంటుంది.

కార్డియో చేస్తే కండ కరిగిపోతుందన్న భయం జిమ్‌లో పాతదే. 1980లో రాబర్ట్ హిక్సన్ ప్రయోగం దానికి ఊతమిచ్చింది. బలమూ, ఓర్పూ కలిపి సాధన చేసినవాళ్ల బలం ఏడెనిమిది వారాలు పెరిగి, ఆపైన తగ్గింది. కానీ వాళ్లు చేసింది వారానికి ఐదు రోజులు బరువులు, ఆరు రోజులు గట్టి కార్డియో! తర్వాత వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే కండకూ గరిష్ఠ బలానికీ పెద్ద నష్టం కనిపించలేదు. ఒక్కసారిగా పేలే వేగం మాత్రం కాస్త తగ్గుతుంది, అదీ రెండూ ఒకే పూట చేసినప్పుడు ఎక్కువ.

శ్రుతి మించిందని తెలిసేది వరుసగా రెండు వారాలు స్క్వాట్ బరువు పడిపోయినప్పుడు, ఉదయం నాడి 64 బదులు రోజూ 71, 72 చూపిస్తున్నప్పుడు. ముందు తీసేయాల్సింది బుధవారం గట్టి విడతలే.

వాచీని కూడా గుడ్డిగా నమ్మొద్దు. హ్యాండిల్‌ను గట్టిగా బిగిస్తే మణికట్టు దగ్గరి సెన్సర్ తప్పు చూపిస్తుంది. నడిచేటప్పుడు ఒక్కోసారి గుండెను వదిలేసి అడుగులను లెక్కపెడుతుంది. ఛాతీకి కట్టే పట్టీ నయం. ఎండాకాలం ఉక్కలో అయితే పరికరం సరిగ్గానే ఉన్నా అంకె జరిగిపోతుంది. ఇరవయ్యో నిమిషంలో 136 ఉన్నది, అదే వేగంతో నలభయ్యో నిమిషానికి 148 కావచ్చు. చెమటతో రక్తంలో నీరు తగ్గి, చర్మాన్ని చల్లబరచడానికీ రక్తం మళ్లడమే కారణం. అప్పుడు అంకెను పట్టుకుని వేగం తగ్గించుకోవాలి.

ఫలితం తెలియాలంటే నెలకోసారి ఒకే ట్రెడ్‌మిల్ మీద, ఒకే వేగం, ఒకే వాలుతో ఇరవై నిమిషాలు నడిచి చివరి అంకె రాసుకోవాలి. మొదటి నెల 141 ఉన్నది మూడో నెలకు 131కి దిగితే, ఆ పది తేడా నాలుగో అంతస్తు దగ్గరా తెలుస్తుంది, స్క్వాట్ సెట్ల మధ్య కూర్చునే సమయంలోనూ తెలుస్తుంది.